అల్లెగ్రో, క్రెషెండోలకు సరైన తెలుగు మాటలేవి?

సంగీత పాఠశాల పిల్లల కోసం ఇటాలియన్ పదాలకు తెలుగు పట్టిక తయారవుతోంది. రెండు చోట్ల సాయం కావాలి.

అల్లెగ్రోకు 'ద్రుతకాలం' అని రాస్తే, కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలు తాళం వేగం మార్చకుండా ఒక్కో దెబ్బకు రెట్టింపు స్వరాలు వాయిస్తారు. అల్లెగ్రోలో స్వరాల లెక్క మారదు, దెబ్బే చురుగ్గా నడవాలి, సుమారు నిమిషానికి 120 నుంచి. 'చురుకుగా' చాలా? ఇటాలియన్‌లో ఆ మాటకు ఉల్లాసమనే అర్థమూ ఉంది మరి.

క్రెషెండో ఇంకా చిక్కు. 'స్వరం పెంచుతూ' అంటే పై స్థాయికి వెళ్లిపోతారు, 'పెంచుతూ' అంటే వేగం పెంచుతారు. 'నాదం క్రమంగా పెంచుతూ' స్పష్టమే కానీ, స్వరలిపి కింద రెండు బార్ల చోటులో పట్టదు. శ్రుతినీ వేగాన్నీ తాకకుండా బిగ్గరదనాన్నే చెప్పే పొట్టి మాట ఏదైనా బోధనలో వాడుతున్నారా?