ఐగెన్ విలువలన్నీ సున్నాలే, ర్యాంకూ ఒకటే: మరి తేడా ఎలా పట్టాలి?

నమస్కారమండీ. గుంటూరు బ్రాడీపేటలో ఎమ్మెస్సీ ఎంట్రన్స్ పిల్లల కోసం ఒక లెక్క తయారుచేస్తున్నాను, చిన్న సాయం కావాలి.

నిల్‌పోటెంట్ మాత్రికకి ఐగెన్ విలువలన్నీ సున్నాలే (Av = λv, Aᵏ = 0 అయితే λᵏv = 0, కాబట్టి λ = 0). అంటే n×n మాత్రిక ఏదైనా లక్షణ బహుపది xⁿ ఒక్కటే. నిర్మాణం గురించి అది ఏమీ చెప్పదు, ఘాతాల ర్యాంకులే చెప్పాలి.

4×4లో జోర్డాన్ బ్లాకులు (2,2), (3,1) రెండింటికీ ర్యాంకు 2. కానీ మొదటిదానికి A² = 0, రెండోదానికి A² ర్యాంకు 1. ఇక్కడ సూచిక చూస్తే చాలు. 7×7కి వచ్చేసరికి అదీ చాలదు: (3,3,1), (3,2,2) రెండింటికీ A ర్యాంకు 4, A³ = 0. A² ర్యాంకు మాత్రం 2, 1. ఇంతకంటే చిన్న సైజులో ఇలాంటి జంట లేదు, అన్నీ రాసి చూశాను.

ఈ రెండు మాత్రికల్నీ బ్లాకులు కంటికి కనపడకుండా ఇవ్వాలి. PJP⁻¹ తీసుకున్నాను, det P = 1 కాబట్టి పూర్ణాంకాలే వస్తున్నాయి, కానీ చేత్తో చేయలేనంత పెద్దవి. ఒక్క అంకె దాటకుండా ఉండే P ఎలా ఎంచుకోవాలి?

జవాబుని కంప్యూటర్లో ఐగెన్ విలువలతో సరిచూడకండి. 3 సైజు బ్లాకు ఉంటే రౌండింగ్ వల్ల సున్నా బదులు 0.00001 లాంటివి వస్తాయి. పూర్ణాంకాలతో A², A³ గుణించి చూడడమే నమ్మకం.