ఏజెన్సీలో అందరికీ అడ్మిన్ ఇవ్వాలా, మేనేజర్ అకౌంట్‌ను విడగొట్టాలా?

భీమవరం_ప్రకటనలు

మాది చిన్న ఏజెన్సీ. గూగుల్ యాడ్స్‌లో ఒకే మేనేజర్ అకౌంట్ కింద 22 మంది క్లయింట్ల అకౌంట్లు ఉన్నాయి. ఆక్వా వాళ్ళు, అంటే హ్యాచరీలు, ఫీడ్ డీలర్లు కలిపి 8. పూతరేకుల షాపులు, నర్సరీలు, బట్టల కొట్లు 9. ఆసుపత్రులు, రిసార్టులు 5. మేం ఆరుగురం, ఆరుగురికీ పై అకౌంట్‌లోనే అడ్మిన్ ఉంది, అందరివీ సొంత జీమెయిల్ ఐడీలే. ఇప్పుడు ఒకమ్మాయి ఉద్యోగం మానేస్తోంది. ఇలాగే నడపొచ్చా, విడగొట్టాలా?

తణుకు_డిజిటల్

విడగొట్టడం అనవసరమండి. 22 అకౌంట్లకి అంత హంగామా ఎందుకు? మీ ఒక్కరికే అడ్మిన్ ఉంచుకుని మిగతా అందరినీ స్టాండర్డ్‌కి దించేయండి. స్టాండర్డ్ ఉన్నవాళ్ళు కొత్త మనుషుల్ని చేర్చలేరు, ఉన్నవాళ్ళని తీసేయలేరు. క్లయింట్ దగ్గర ఓనర్‌షిప్ కూడా తీసుకోకండి. ఈ రెండూ పాటిస్తే భయపడాల్సింది ఏమీ లేదు. మేం ఎప్పటినుంచో ఇలాగే నడుపుతున్నాం.

రాజమండ్రి_మీడియా

అసలు క్లయింట్ బిజినెస్ ఐడీ తీసుకుని పార్ట్‌నర్‌గా చేరితే సరిపోతుంది కదండీ. ఏ ఉద్యోగికి ఏ యాడ్ అకౌంట్ అన్నది అక్కడ ఒక్కొక్కరికీ విడిగా టిక్ పెట్టుకోవచ్చు. ఈ పై, కింద గొడవే ఉండదు.

ఉప్పుటేరు

రాజమండ్రి గారూ, మీరు చెప్పింది మెటా పద్ధతి. అక్కడ ఒక మనిషిని తీసుకుని నచ్చిన అకౌంట్లు అప్పగించవచ్చు. గూగుల్‌లో అలా కాదు. ఇక్కడ మనిషిని మేనేజర్ అకౌంట్‌లో కూర్చోబెడతారు. ఆ మేనేజర్ కింద ఎన్ని అకౌంట్లు ఉంటే అన్నిటికీ అదే స్థాయి అనుమతి దిగుతుంది. పైన స్టాండర్డ్ ఇచ్చి, కింద ఫలానా ఆసుపత్రి అకౌంట్ మాత్రం కనిపించకూడదంటే కుదరదు. పైనుంచి వచ్చిన అనుమతిని కింద కోయడానికి దారే లేదు. కాబట్టి మనిషిని ఎక్కడ కూర్చోబెట్టామన్నదే ముందు తేల్చుకోవాలి. ఏ స్థాయి అన్నది ఆ తరవాత.

తణుకు గారి మాటలో సగం నిజం. స్టాండర్డ్ వాళ్ళు యూజర్లను ముట్టుకోలేరు, అది సరే. కానీ క్యాంపెయిన్లు ఆపగలరు, కొత్తవి పెట్టగలరు, రోజు బడ్జెట్ 500 నుంచి 50,000కి పెంచగలరు. ఒక ఉద్యోగి పాస్‌వర్డ్ దొంగ లాగిన్ పేజీలో పడిందనుకోండి. ఈమధ్య ఇలాంటి మెయిళ్ళు అచ్చం అకౌంట్ యాక్సెస్ ఆహ్వానంలాగే వస్తున్నాయి. అప్పుడు ఆ దొంగ చేతికి 22 అకౌంట్లూ ఒకేసారి చిక్కుతాయి. ఆ ఉద్యోగి కూర్చున్నది ఆక్వా వాళ్ళకి విడిగా పెట్టిన మేనేజర్‌లోనే అయితే పోయేది 8 దగ్గరే ఆగుతుంది.

ఓనర్‌షిప్ తీసుకోకపోవడం కూడా ఈ దెబ్బను ఆపదు. ఓనర్‌షిప్ అన్నది క్లయింట్ అకౌంట్‌లో యూజర్లను, ఇతర మేనేజర్ల లింకులను శాసించే హక్కు. అది లేకపోయినా మేనేజర్‌లో ఉన్నవాళ్ళు యాడ్లు మార్చగలరు, డబ్బు ఖర్చు పెట్టించగలరు.

తణుకు_డిజిటల్

బడ్జెట్ సంగతి ఒప్పుకుంటా. కానీ మా క్లయింట్లలో ఎక్కువమంది ముందే డబ్బు వేసుకునే పద్ధతిలో ఉన్నారు. యూపీఐలో 10,000 వేస్తారు, అది అయిపోతే యాడ్లు ఆగిపోతాయి. ఎవడు బడ్జెట్ ఎంత పెంచినా పోయేది ఆ మిగిలిన బ్యాలెన్సే కదా.

ఉప్పుటేరు

ఆ మాట నిజం, మంచి అడ్డుకట్ట కూడా. చిన్న షాపులకు ఆ పద్ధతే ఉంచండి. చిక్కంతా కార్డు పెట్టి ఆటోమేటిక్ పేమెంట్‌లో ఉన్న ఆసుపత్రులు, రిసార్టులతోనే. అక్కడ ఒక్క రోజులో రోజు బడ్జెట్‌కు రెట్టింపు దాకా ఖర్చు కావచ్చు. బడ్జెట్టే 50,000కి మార్చి ఉంటే తెల్లారేసరికి ఎంత పోయిందో ఊహించుకోండి.

భీమవరం గారూ, మీ అకౌంట్లనే తీసుకుని చెప్తాను. పై మేనేజర్ కింద మూడు చిన్న మేనేజర్లు చేయండి: ఆక్వా, షాపులు, ఆసుపత్రులు. పై అకౌంట్‌లో ఇద్దరే అడ్మిన్లు, మీరు, మీరు నమ్మే ఇంకొకరు. ఒక్కరే ఉంటే ఫోన్ పోయిన రోజు ఆఫీసంతా బయటే నిలబడాలి, అందుకని ఇద్దరు. మిగిలిన ముగ్గురూ ఎవరి మేనేజర్‌లో వాళ్ళు స్టాండర్డ్‌గా ఉంటారు. రిపోర్టులు మాత్రం తీసేవాళ్ళకి రీడ్ ఓన్లీ చాలు.

వరస తప్పకండి. ముందు మూడు మేనేజర్లు తయారు చేసుకోండి. తరవాత పై అకౌంట్‌లో Sub-account settings తెరిచి, అకౌంట్లను ఎంచుకుని, మేనేజర్ మార్చండి. యాడ్లు ఆగవు, పాత లెక్కలు పోవు. తరవాత ఉద్యోగులను కింది మేనేజర్లకి ఆహ్వానించండి. వాళ్ళు లోపలికి వచ్చి పని చేయగలుగుతున్నారని చూశాకే పై నుంచి వాళ్ళ పేర్లు తీసేయండి. చాలామంది చివరి మెట్టు దగ్గర ఆగిపోతారు. పై నుంచి పేరు తీయకపోతే కింద ఎన్ని మేనేజర్లు పెట్టినా లాభం లేదు.

భీమవరం_ప్రకటనలు

థాంక్సండి. ఒక సందేహం. మేనేజర్లు అవన్నీ లేకుండా, ఒక్కొక్క ఉద్యోగి జీమెయిల్‌ని నేరుగా వాళ్ళ వాళ్ళ క్లయింట్ అకౌంట్లలో పెట్టేస్తే తేలిక కదా?

ఉప్పుటేరు

తేలికలాగే కనిపిస్తుంది. ఒక మెయిల్‌ని 20 గూగుల్ యాడ్స్ అకౌంట్ల దాకానే కలపొచ్చు, కాబట్టి మీరు పెరిగేకొద్దీ అక్కడ ఆగిపోతారు. దానికన్నా పెద్ద ఇబ్బంది, ఆ మనిషి మానేసిన రోజు వస్తుంది. మేనేజర్ నుంచి పేరు తీస్తే మేనేజర్ ద్వారా వచ్చిన దారి మాత్రమే మూసుకుంటుంది. క్లయింట్ అకౌంట్‌లో నేరుగా పెట్టిన పేరు అలాగే ఉండిపోతుంది.

మీ దగ్గర మానేస్తున్న అమ్మాయి విషయంలో ముందు ఇదే చూడండి. ఒక్కొక్క క్లయింట్ అకౌంట్‌లో Admin > Access and security తెరిచి, యూజర్ల జాబితాలో ఆమె జీమెయిల్ ఉందేమో వెతకండి. 22 అకౌంట్లకి ఒక పూట పని. ఆమె ఒప్పుకుని నడుపుతున్న స్క్రిప్టులు ఏవైనా ఉంటే, పేరు తీశాక అవి ఆగిపోతాయి. ముందే ఇంకొకరి పేరు మీదకి మార్చుకోండి. లేకపోతే బ్యాలెన్స్ అయిపోతోందని చెప్పే మెయిల్ ఆగిపోయిన సంగతి, ఎవరో క్లయింట్ ఫోన్ చేసి యాడ్ రావట్లేదని అడిగేదాకా తెలియదు.

వీలైతే ఆఫీసు డొమైన్‌తో మెయిళ్ళు తీసుకోండి. అదే పేజీలోని సెక్యూరిటీ ట్యాబ్‌లో మీ డొమైన్ మెయిళ్ళకే ఆహ్వానం వెళ్ళేలా పెట్టుకోవచ్చు. రెండంచెల వెరిఫికేషన్ తప్పనిసరి చేసే అవకాశం కూడా అక్కడే ఉంది.

కడియం_మొక్కలు

నేను ఏజెన్సీ కాదండి, నర్సరీ నడుపుతాను. మీ మాటలు చదువుతుంటే మా సంగతి గుర్తొచ్చింది. మా యాడ్స్ అకౌంట్‌ని పాత ఏజెన్సీ వాళ్ళే తయారు చేశారు. అందులో నా మెయిల్ లేదు. ఇప్పుడు వాళ్ళని వద్దనుకుంటున్నాం. వాళ్ళు వెళ్ళిపోతే మూడు సీజన్ల లెక్కలన్నీ పోతాయా?

ఉప్పుటేరు

పోవు. లెక్కలు, క్యాంపెయిన్లు ఆ అకౌంట్‌లోనే ఉంటాయి, మేనేజర్‌లో కాదు. కానీ మేనేజర్ లోపలి నుంచే అకౌంట్ పుట్టింది కాబట్టి ఓనర్‌షిప్ వాళ్ళదే. సంబంధం బాగున్నప్పుడే మీ మెయిల్‌ని అడ్మిన్‌గా చేర్చమని అడగండి. మీరు లోపలికి వెళ్ళగలిగాకే, మేనేజర్ల జాబితాలో వాళ్ళ లింక్ తీయండి.

లింక్ తీసేముందు ఒకటి చూసుకోవాలి. ఫోన్ కాల్స్, వెబ్‌సైట్ ఫారాలు లెక్కించే కన్వర్షన్లు వాళ్ళ మేనేజర్ అకౌంట్‌లో ఉన్నాయా, మీ అకౌంట్‌లోనే ఉన్నాయా అన్నది. మేనేజర్‌లో ఉంటే లింక్ తెగిన రోజే అవి మీకు రావడం ఆగిపోతాయి. క్లిక్కులు మామూలుగానే వస్తుంటాయి, కన్వర్షన్ల గడిలో మాత్రం సున్నాలు పడతాయి. వాటి మీద ఆధారపడి బిడ్ వేసే క్యాంపెయిన్లు ఆ తరవాత గాడి తప్పుతాయి. ముందు మీ సొంత అకౌంట్‌లో కన్వర్షన్ పెట్టించుకుని, వెబ్‌సైట్‌లో ట్యాగ్ మార్చించి, లెక్క పడుతోందని చూసి అప్పుడు తీయండి.

తణుకు_డిజిటల్

అందుకేనండి నేను మొదటే అన్నది, ఓనర్‌షిప్ ఏజెన్సీ తీసుకోకూడదని. క్లయింట్ తన మెయిల్‌తో అకౌంట్ తెరవాలి. మనం 10 అంకెల కస్టమర్ ఐడీ అడిగి లింక్ రిక్వెస్ట్ పంపాలి, వాళ్ళు ఒప్పుకోవాలి. ఆ దారి తప్ప ఇంకోటి సరైంది కాదు.

భీమవరం_ప్రకటనలు

నర్సరీ వాళ్ళకి, ఆసుపత్రులకి అది సరే. మా హ్యాచరీ వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి సొంత మెయిలే సరిగ్గా లేదు. ఒకాయన ఫోన్ మార్చిన ప్రతిసారీ కొత్త జీమెయిల్ తెరుస్తారు. లింక్ రిక్వెస్ట్ ఒప్పుకోమంటే రోజూ చెరువు గట్టు మీదుంటారు, సీడ్ సీజన్ అయ్యాక చూద్దాం అంటారు. వాళ్ళ పేరుతోనే ఉంచితే వాళ్ళ అకౌంట్‌ని వాళ్ళే పోగొట్టుకుంటారేమోనని భయం. మా మేనేజర్‌లోంచి తెరిచి ఓనర్‌షిప్ మేమే ఉంచుకుంటే, కనీసం అకౌంట్ నిలబడుతుంది కదా?

తణుకు_డిజిటల్

రేపు మీకూ ఆయనకీ తేడా వస్తే? అప్పుడు ఆయన కూడా కడియం గారిలాగే అడగాలి కదా.

ఉప్పుటేరు

ఇక్కడ నాకూ ఒకటే సమాధానం లేదు. అలాంటి వాళ్ళకి నేనైతే మేనేజర్‌లోంచే తెరుస్తాను. కానీ ఆయన పేరుతో ఒక మెయిల్, వాళ్ళింట్లో చదువుకున్న పిల్లల మెయిల్ ఇంకొకటి, రెండూ మొదటి రోజే అడ్మిన్‌గా చేరుస్తాను. ఆ పిల్లల చేతే ఒకసారి లాగిన్ చేయించి చూస్తాను. పేమెంట్స్ ప్రొఫైల్ మాత్రం హ్యాచరీ పేరు, జీఎస్టీ నంబరుతోనే ఉండాలి. అందులో ఎవరి పేర్లు ఉన్నాయన్నది యాడ్స్ అకౌంట్ యూజర్ల జాబితాతో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది, విడిగానే చూసుకోవాలి. మీ ఏజెన్సీ ప్రొఫైల్‌తో వాళ్ళ అకౌంట్ నడపడం మాత్రం నేను ఒప్పుకోను, ఆయన ఎంత బతిమాలినా సరే.

భీమవరం_ప్రకటనలు

పేమెంట్స్ ప్రొఫైల్ సంగతి నేనూ ఒప్పుకుంటా. ఓనర్‌షిప్ విషయంలో హ్యాచరీ వాళ్ళతో కూర్చుని మాట్లాడాలి. ఈ ఆదివారం మూడు మేనేజర్లు చేసి, ముందు షాపుల 9 అకౌంట్లు జరుపుతాను, అవే తక్కువ బడ్జెట్‌వి. అవి సరిగ్గా నడిస్తే ఆసుపత్రులు, ఆఖరున ఆక్వా. సంక్రాంతికి ఒకరి పని ఇంకొకరు చూడాల్సి వచ్చినప్పుడు ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

తణుకు_డిజిటల్

పండక్కి ఆ నాలుగు రోజులూ ఆ మేనేజర్‌లో పేరు చేర్చి, తిరిగొచ్చాక తీసేయండి. తీసే రోజు ఎవరి బాధ్యతో మాత్రం ముందే రాసిపెట్టుకోండి.