ఒప్పంద వివాదంపై మూట్ కోర్టు: బెంచ్ ఆ ఒక్క ప్రశ్నకు ఏం చెప్పాలి?

మూడో ఏడు లా
లా విద్యార్థుల మాదిరి కోర్టు వాదన పోటీలో ఎల్లుండి నా సెమీఫైనల్. సుప్రీంకోర్టు ముందు అప్పీలు, నేను కొనుగోలుదారు పక్షం. కోల్డ్ స్టోరేజీ యంత్రాల ధర 2 కోట్లు, అందులో 60 శాతం అడ్వాన్సు, ఆలస్యమైతే వారానికి 1 శాతం పరిహారం అని ఒప్పందం. సరఫరాదారు 10 వారాలు ఆలస్యం చేశాడు, కాబట్టి 20 లక్షలు అడుగుతున్నాం. క్వార్టర్స్‌లో బెంచ్ ఒకే ప్రశ్న మీద పట్టుబట్టింది: "మీ భవనమే ఆ 10 వారాలూ పూర్తి కాలేదు. యంత్రాలు సకాలంలో వచ్చినా గోదాములో పడి ఉండేవి. మరి మీరు నష్టపోయింది ఏమిటి?" దీనికి ఏం చెప్పాలి? మధ్యలో ఆపుతుంటే సమయం ఎలా కాపాడుకోవాలి? వాదన ఎవరు ముందు మొదలుపెట్టాలి?

కృష్ణ ఒడ్డు
ఇందులో ఇబ్బంది ఏముంది? కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74లో నష్టం రుజువైనా కాకపోయినా పరిహారం వస్తుందని రాసే ఉంది. ఆ వాక్యం చదివి, 2003 నాటి ఓఎన్‌జీసీ వర్సెస్ సా పైప్స్ తీర్పు చూపించండి. నేను అలాగే గెలిచాను.

నల్లకోటు
కృష్ణ ఒడ్డు గారూ, అదే వాక్యం చదివి నా ముందు నీళ్లు నమిలినవాళ్లను ఎందరినో చూశాను. హైకోర్టులో ప్రాక్టీసు చేస్తూ ఏటా మూట్‌లకు బెంచ్ మీద కూర్చుంటాను. రుజువు చేయనక్కర్లేదనడం వేరు, నష్టమే లేదనడం వేరు. 2015లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ డీడీఏ మీద కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: సెక్షన్ 74కు నష్టం ఉండి తీరాలి, దాన్ని రుజువు చేయడం కష్టమో అసాధ్యమో అయినప్పుడే ఒప్పందంలోని మొత్తం అక్కరకొస్తుంది. అక్కడ డీడీఏ ప్లాటును మళ్లీ మూడు రెట్లకు మించిన ధరకు అమ్ముకుంది. ఆ కారణం కూడా చూపే కోర్టు జప్తు చేసిన 78 లక్షలు వెనక్కి ఇప్పించింది.

వాదప్రియ
అంటే సా పైప్స్‌ను కైలాష్ నాథ్ కొట్టేసింది. ఇక దాన్ని ఎత్తకండి.

నల్లకోటు
కొట్టేయలేదు! రెండూ ఇద్దరు న్యాయమూర్తుల తీర్పులే, ఒకటి మరొకదాన్ని ఎలా కొట్టేస్తుంది? ఈ మాట బెంచ్ ముందు అంటే ఆ రౌండు అక్కడితో సరి. రెండింటికీ పైన 1963 నాటి ఫతే చంద్ తీర్పు ఉంది, అది ఐదుగురు న్యాయమూర్తులది. ఇంటి అమ్మకంలో విక్రేత 25,000 జప్తు చేస్తే, బయానాగా ఇచ్చిన 1,000 మాత్రమే ఉంచుకోనిచ్చింది.

వాదప్రియ
తలలు లెక్కపెట్టడమేనా న్యాయం? సా పైప్స్‌లో ఆలస్యానికి సరిపోయే వాస్తవాలు ఉన్నాయి, ఫతే చంద్‌లో ఇల్లు. వాస్తవాలు కలవనప్పుడు ఐదుగురైతే ఏమిటి, యాభై మందైతే ఏమిటి?

నల్లకోటు
వాస్తవాల తేడా చూపి తప్పించుకోవచ్చు, కాదనను. సెక్షన్ 74 ఎలా చదవాలో చెప్పిన సూత్రాన్ని తప్పించుకోలేరు.

సొంతింటి కల
నా ఫ్లాట్ ఏడాది ఆలస్యం చేశారు. నెలనెలా అద్దె కడుతూ వచ్చాను. బిల్డరేమో ఒప్పందంలో చదరపు అడుగుకు 5 రూపాయలే ఉందంటున్నాడు. నాకు దారి చెప్పండి.

వాదప్రియ
ఇది విద్యార్థుల చర్చ అండీ, దయచేసి వేరే చోట అడగండి.

సొంతింటి కల
నా డబ్బు పోతుంటే మీకు పోటీ ముఖ్యమా?

నల్లకోటు
ఆయన్ని ఉండనివ్వండి. మీరు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా తలుపు తట్టండి సార్, అద్దె రసీదులు భద్రం. మూడో ఏడు గారూ, చూడండి: ఈయన దగ్గర రసీదులున్నాయి, మీ కక్షిదారు దగ్గర లేవు. బెంచ్ అడుగుతున్నది అదే. భవనం సిద్ధం కాలేదని ముందే ఒప్పుకోండి, దాచితే మరింత గుచ్చుతారు. వెంటనే 60 శాతం అడ్వాన్సు వైపు తిప్పండి. 1 కోటి 20 లక్షలు సరఫరాదారు దగ్గర ఉండగా యంత్రాలు 10 వారాలు రాలేదు. ఏడాదికి 12 శాతం వడ్డీతో అది సుమారు 2 లక్షల 77 వేలు. 20 లక్షలు గరిష్ఠ హద్దే కాబట్టి, అంతకు తక్కువ ఇచ్చే అధికారం కోర్టుకు సెక్షన్ 74 ప్రకారమే ఉంది. "20 కాకపోతే ఎంత?" అన్న తరవాతి ప్రశ్నకు ఒక అంకె చేతిలో ఉండాలి.

పీఠం ఎదుట
నేను సరఫరాదారు పక్షం వాదించాను. ఈ జవాబు వినగానే నేనే లేచేదాన్ని. 12 శాతం ఒప్పందంలో ఎక్కడుంది? వడ్డీ మీ అభ్యర్థనలో ఉందా?

మూడో ఏడు లా
అభ్యర్థనలో లేదు మేడమ్. అడ్వాన్సు మాట మూట్ సమస్య 14వ పేరాలో ఉంది, చెల్లించిన తేదీ లేదు.

నల్లకోటు
తేదీ అక్కర్లేదు. గడువు నాటికి ఇచ్చేశారని ఆ పేరా చెబితే చాలు, ఆలస్యం ఆ రోజు నుంచే. వడ్డీ విడిగా కోరడం లేదు, న్యాయమైన పరిహారానికి కొలత చూపుతున్నారంతే.

పీఠం ఎదుట
కొలత అంటూ కొత్త క్లెయిము దూరుస్తున్నారు. భవనం లేనందువల్ల అడ్వాన్సు ఎలాగూ అక్కరకు రాకుండా ఇరుక్కునేదే. యంత్రాలు సకాలంలో వచ్చి ఉంటే ఆ డబ్బు తిరిగి చేతికొచ్చేదా? ఈ ప్రశ్న బెంచ్ తప్పక వేస్తుంది. మీరేం చెబుతారు?

మూడో ఏడు లా
రాత్రికి రాసి ఇక్కడే పెడతాను. సమయం సంగతి ఎవరైనా చెప్పండి, 15 నిమిషాల్లో 9 ఈ ప్రశ్నకే పోయాయి.