ఫార్ములా ఉండగా వడ్డీ రేటుకి కమిటీ ఎందుకు?

కొత్తగా_చదువుతున్నా: సెంట్రల్ బ్యాంకు ద్రవ్యోల్బణాన్ని 2 శాతం దగ్గర ఉంచాలని టార్గెట్ పెట్టుకున్నాక, వడ్డీ రేటు ఎంత ఉండాలో చెప్పే టేలర్ రూల్‌లో అంకెలు వేస్తే రేటు వచ్చేస్తుంది కదా, మరి కమిటీ కూర్చుని ఓట్లు వేయడం దేనికి?

లెక్కలపిచ్చి: వేసి చూద్దాం. 1993లో ఆర్థికవేత్త జాన్ టేలర్ ఇచ్చిన రూపం ఇది.

```
i = p + 0.5*(p - 2) + 0.5*y + 2
```

i వడ్డీ రేటు, p ద్రవ్యోల్బణం. y అంటే ఉత్పత్తి మామూలు సామర్థ్యం కన్నా ఎన్ని శాతం పైన ఉందో, కింద ఉందో. p 4, y మైనస్ 2 అనుకోండి, రేటు 6 శాతం వస్తుంది. కానీ y ని ఎవరూ కొలవలేరు, అంచనా వేస్తారంతే. నిజానికి అది సున్నా అయితే రేటు 7 ఉండాలి. చివర్లో ఉన్న 2 కూడా అంతే, ధరల పెరుగుదల పోగా మిగిలే సహజ వడ్డీ అది. అది 0.5 మాత్రమే అని నమ్మేవాళ్ళకి y మైనస్ 2 తోనే 4.5 వస్తుంది. ఒకే దేశం, ఒకే నెల, 4.5 నుంచి 7 దాకా! కమిటీలో వాదన అంతా ఈ మధ్యలోనే.

నియమమే_మేలు: ఇవన్నీ సాకులండీ. ద్రవ్యోల్బణం 1 శాతం పెరిగితే రేటు 1.5 పెంచాలి, లేకపోతే ధరల పెరుగుదల పోగా అప్పుకి పడే నిజమైన ఖరీదు తగ్గిపోయి ధరల మంట ఇంకా పెరుగుతుంది. 1970లలో అమెరికా సెంట్రల్ బ్యాంకు ఫెడ్ అలా పెంచలేదు కాబట్టే ధరలు చేయిదాటాయి. 2021 చివర అమెరికాలో ద్రవ్యోల్బణం 7 శాతం ఉంటే రేటు సున్నా దగ్గరే ఉంచారు, 2022 మార్చిలో గానీ కదల్లేదు.

లెక్కలపిచ్చి: 1.5 సంగతీ, 2021 సంగతీ ఒప్పుకుంటా. 1970లది మాత్రం అంత తేలిక కాదు. ఒర్ఫనిడిస్ అనే ఆర్థికవేత్త ఆనాడు అధికారుల చేతిలో ఉన్న అంచనాలు తవ్వి తీసి వాటితోనే రూల్ వేసి చూస్తే, అప్పట్లో పెట్టిన రేట్లకి దగ్గరగానే వచ్చాయి. ఉత్పాదకత పెరుగుదల మందగించిందని వాళ్ళకి ఆలస్యంగా తెలిసింది, అందాకా y చాలా కిందుందనే నమ్మారు. రూల్ పాటించినా అదే గోతిలో పడేవాళ్ళని ఆయన వాదన. దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు.

ఈఎంఐ_టెన్షన్: నాది ఫ్లోటింగ్ లోన్. రేటు పెరిగితే వెంటనే నా ఈఎంఐ పెంచారు, తగ్గినప్పుడు మాత్రం నెలల తరబడి తిప్పించుకున్నారు. ఫార్ములా ఉంటే ఈ అన్యాయం ఉండదుగా?

లెక్కలపిచ్చి: ఉంటుందండీ. రూల్ చెప్పేది సెంట్రల్ బ్యాంకు రేటు, మీ బాధ మీ బ్యాంకు దాన్ని మీదాకా ఎప్పుడు తెస్తుందన్నది. లోన్ కాగితంలో రేటు ఎన్ని నెలలకోసారి మారుస్తామన్నారో చూడండి.

నియమమే_మేలు: సరే, y ఎంతుందో తెలియకపోతే అది ఎంత మారిందో చూసి రేటు కదిలిద్దాం. అంచనాలో తప్పు ప్రతిసారీ ఒకేలా ఉంటే తీసివేతలో పోతుంది.

లెక్కలపిచ్చి: పోతుంది. కానీ పెద్ద మాంద్యం నుంచి వేగంగా కోలుకుంటున్నప్పుడు, ఇంకా లక్షలమందికి పని లేకుండానే, మీ లెక్క రేటు పెంచమంటుంది. అప్పుడేం చేస్తారు?