"స్విచ్ వేసిన మరుక్షణం కెపాసిటర్ షార్ట్ అవుతుంది" - ఈ వాక్యం సరైనదేనా?

శ్రీలత: డిప్లొమా పిల్లలకి తెలుగులో నోట్స్ రాస్తున్నా. "స్విచ్ వేసిన మరుక్షణం కెపాసిటర్ షార్ట్ అవుతుంది, ఇండక్టర్ ఓపెన్ అవుతుంది" అని పెట్టా. బానే ఉందా?

మూర్తి: షార్ట్ అయితే ముందు మెయిన్ ఆపెయ్యండమ్మా. మా ఫ్యాన్ కెపాసిటర్ పోయాక చేత్తో తిప్పితే గానీ తిరగట్లేదు.

శ్రీలత: పాడైపోయిన సంగతి కాదండీ, లెక్కల్లో సంగతి 🙂

కిరణ్: వాక్యం కరెక్టే మేడమ్, 0+ దగ్గర C షార్ట్, L ఓపెన్, చివరికి తారుమారు. గేట్‌కి మేం ఇలాగే బట్టీ పట్టాం.

రామారావు: కిరణ్ గారూ, అది ముందు రెండూ ఖాళీగా ఉంటేనే. అసలు మారనిది కెపాసిటర్ వోల్టేజీ, ఇండక్టర్ కరెంటు, మిగతావన్నీ ఒక్కసారిగా ఎగరొచ్చు. ఒకటి చూద్దాం, 12 వోల్టుల డీసీ, స్విచ్, 2 ఓమ్‌లు వరుసగా, ఆ తర్వాత రెండు దారులు, ఒకదాంట్లో 4 ఓమ్‌లూ ఇండక్టరూ, ఇంకోదాంట్లో 3 ఓమ్‌లూ కెపాసిటరూ. రెండూ ఖాళీ, స్విచ్ వేశాం. ఆ క్షణాన ఇండక్టర్ దారిలో కరెంటు సున్నా, కెపాసిటర్ మీద వోల్టేజీ సున్నా, అందుకే 12/(2+3), 2.4 ఆంపియర్లు. చాలాసేపయ్యాక కెపాసిటర్ దారిలో కరెంటు ఆగిపోతుంది, ఇండక్టర్ మీద వోల్టేజీ ఉండదు, 12/(2+4), 2 ఆంపియర్లు, కెపాసిటర్ మీద 8 వోల్టులు. ఇక్కడిదాకా మీ బట్టీ పనిచేసింది.

ఇప్పుడు స్విచ్ తీసెయ్యండి. ఇండక్టర్ ఓపెన్ అంటే కరెంటు సున్నా అనాలి, కానీ ఆ 2 ఆంపియర్లు ఎక్కడికీ పోవు, కెపాసిటర్ దారిలోంచి తిరిగి వస్తాయి. కెపాసిటర్ 8 వోల్టుల బ్యాటరీలా ఉంటుంది, 3 ఓమ్‌ల మీద 6 వోల్టులు పడతాయి, రెండు దారులు కలిసే చోట మిగిలేది 2 వోల్టులే, అంతకుముందు అక్కడ 8. 4 ఓమ్‌ల మీద 8 పడాలి కాబట్టి ఇండక్టర్ మీద -6 వోల్టులు వస్తాయి. ఒక్క క్షణం ముందు అక్కడ సున్నా.

కిరణ్: అంటే 0- లెక్క వెయ్యకుండా 0+ రాయకూడదన్నమాట.

రామారావు: అంతే, ముందు పాత స్థితిలో iL, vC తీసుకోండి, వాటినే కొత్త సర్క్యూట్‌లో కరెంటు సోర్సు, వోల్టేజీ సోర్సుగా పెట్టుకోండి. ఇంకోటి, చివర్లో ఇండక్టర్ షార్ట్ అన్నది డీసీకే, ఏసీ పెడితే కాదు.

సునీల్: మా ప్యానెల్‌లో 24 వోల్ట్ రిలే ఆపినప్పుడల్లా ట్రాన్సిస్టర్ పోయేది, కాయిల్‌కి అడ్డంగా డయోడ్ పెట్టాక ఆగింది. ఇదే కదా?

రామారావు: ఇదే, ఆ కరెంటుకి వేరే దారి లేదు. కాకపోతే డయోడ్ పెడితే రిలే కాస్త ఆలస్యంగా వదుల్తుంది, చూసుకోండి.

శ్రీలత: అయితే "ముందు ఖాళీగా ఉన్న కెపాసిటర్, స్విచ్ వేసిన మరుక్షణం షార్ట్‌లా ఉంటుంది" అని మారుస్తా. "అవుతుంది" అంటే మూర్తి గారిలా కాలిపోయిందనుకుంటారు.

మూర్తి: 😀 చివరి దశకి "స్థిరస్థితి" అని రాయండి.

కిరణ్: పిల్లలెవరూ అలా అనరండీ, "స్టెడీ స్టేట్" అనే ఉంచండి.

శ్రీలత: అది ఇంకా తేలలేదు, నాకు "కుదురుకున్నాక" అనాలనుంది.