అప్‌డేట్: "ఇక్కడ క్లిక్ చేయండి" లింకులు మార్చాక

నా పాత ప్రశ్న: "మారతహళ్లిలో అత్తయ్య పెట్టే పచ్చళ్లకు సైట్ నడుపుతున్నాను. వెల్లుల్లి లేని ఆవకాయ అని వెతికితే ఆ పేజీ రాకుండా హోమ్ పేజీ వస్తోంది. ఎందుకు?"

లింకు మీది మాటలను బట్టి కూడా ఆ పేజీ దేని గురించో గూగుల్ తెలుసుకుంటుందని, వాటిని చూడమని మీరన్నారు. అలాగే సైట్‌లోని లింకులన్నీ చూశాను. ఆ పేజీకి పదకొండు లింకులున్నాయి. ఏడింటిలో "ఇక్కడ క్లిక్ చేయండి" అనే ఉంది. మూడింటిలో ఉత్త "ఆవకాయ". తమాషా ఏంటంటే, మామూలు ఆవకాయ పేజీకీ అదే మాట పెట్టాను! రెండు జాడీల మీద ఒకే చీటీ అంటించినట్టు. ఇక గూగుల్‌కి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

పదకొండోది జాడీ ఫొటో. లింకులో బొమ్మ ఒక్కటే ఉంటే బొమ్మలో ఏముందో చెప్పడానికి కోడ్‌లో రాసే alt మాటలనే గూగుల్ లింకు మాటలుగా తీసుకుంటుందట. నాది ఖాళీ. ఇలా మార్చాను:

```html
<a href="/avakaya-no-garlic">
<img src="jar.jpg" alt="వెల్లుల్లి లేని ఆవకాయ"></a>
```

మిగతావి వాక్యంలో ఇమిడేలా రాశాను: "పూజ రోజుల్లో వెల్లుల్లి తినని వాళ్లకు వెల్లుల్లి లేని ఆవకాయ విడిగా పెడతాం". అన్నిచోట్లా అచ్చు అవే మాటలు పెట్టలేదు, చదివితే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒకచోట "వెల్లుల్లి వేయని మామిడికాయ పచ్చడి" అన్నాను.

నాలుగు వారాలకు, ఏ మాటకు ఏ పేజీ వస్తోందో గూగుల్ చూపించే సెర్చ్ కన్సోల్‌లో ఆ మాటకు సరైన పేజీ కనిపిస్తోంది. కాకపోతే అదే వారం పేజీ టైటిల్ కూడా మార్చాను, క్రెడిట్ అంతా లింకులదే అనలేను. గోంగూర పేజీకి టైటిల్ ముట్టుకోకుండా లింకులు మాత్రమే మార్చి చూస్తున్నాను.