ఎల్‌ఆర్‌యూకి ఫిఫో కంటే ఎక్కువ పేజ్ ఫాల్ట్‌లు రావచ్చా?

మూడు ఫ్రేములు, స్ట్రింగ్ 1 2 3 4 1 2 5 1 2 3 4 5. నాకు ఫిఫోకి 9, ఎల్‌ఆర్‌యూకి 10, ఆప్టిమల్‌కి 7 ఫాల్ట్‌లు వచ్చాయి. ఎల్‌ఆర్‌యూ ఎప్పుడూ ఫిఫో కంటే మెరుగే అని ఫ్రెండ్ అంటున్నాడు, అందుకే టెన్షన్.

స్ట్రింగ్‌లో ఏడో రిఫరెన్స్ దాకా రెండూ ఒకటే, రెండింట్లోనూ 1, 2, 5 ఉన్నాయి. ఆ తర్వాత 1, 2 దొరికాయి కదా, 3 వచ్చేసరికి ఎల్‌ఆర్‌యూ 5ని తీసేస్తోంది, ఫిఫో మాత్రం ముందొచ్చిన 1ని తీసి 5ని ఉంచుకుంటోంది, చివర్లో ఆ 5 ఫిఫోకి దొరుకుతోంది. నా లెక్క కరెక్టేనా?

ఇంకోటి, ఆప్టిమల్‌లో ఆ 3 దగ్గర 1, 2 రెండూ మళ్లీ రావు, అప్పుడు ఏది తీయాలి? ఏది తీసినా నాకు 7 మారట్లేదు, కానీ టేబుల్ వేరుగా ఉంటే మార్కులు కోస్తారా?